సారాంశం: యూరప్ తేజ మిర్చి ఆర్డర్ – రేపు ఉదయం 11 లోపు మీ నిర్ణయం కావాలి

మేడమ్ గారికి,

నవంబర్ 10 నుంచి ఈ సాయంత్రం (17, సోమవారం) వరకు నడిచిన 46 మెయిళ్ల సారాంశం ఇది. టైం లేకపోతే మొదటి మూడు భాగాలు చూస్తే సరిపోతుంది.

మీరు తేల్చాల్సింది

ల్యాబ్ రిపోర్టులో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం పరిమితి దాటడంతో బి లాట్ 12 టన్నులు యూరప్‌కు పనికిరావు. దాని బదులు యార్డులో కొత్త సరుకు కొని 28వ తేదీ ఓడకు పంపాలా, లేక ఈసారికి ఒక్క కంటైనరే ఇస్తామని కొనుగోలుదారుకు చెప్పాలా? కొత్తగా కొంటే క్వింటాలుకు 1,100 రూపాయల చొప్పున మొత్తం 1.32 లక్షలు అదనం. కొనడమే మంచిదని నా అభిప్రాయం. పర్చేజ్, క్వాలిటీ కూడా అదే అంటున్నాయి.

ఇప్పటికే తేలినవి

- ఎ లాట్ 21వ తేదీ ఓడకు వెళ్తుంది. అయితే ఎల్‌సీ సంగతి ముందు తేలాలి (కింద చూడండి).
- బి లాట్ ఈ ఆర్డర్‌లో వెళ్లదు. 300 బస్తాలకూ ఎర్ర ట్యాగ్ వేసి వేరే గదిలో పెట్టారు.
- బి లాట్‌ను మంచి సరుకులో కలిపి పంపడం జరగదు.

ఎవరు, ఏం, ఎప్పటికి

- ఫైనాన్స్: ఎల్‌సీలో విడతలుగా పంపడానికి అనుమతి ఉందో లేదో రేపు ఉదయం 10 లోపు చెప్పాలి. 10వ తేదీనే అడిగారు, జవాబు రాలేదు. అనుమతి లేకుండా ఎ లాట్ ఒక్కటే పంపితే బ్యాంకులో డాక్యుమెంట్లు ఆగిపోతాయి.
- ఎక్స్‌పోర్ట్ మేనేజర్: మీ నిర్ణయం రాగానే, రేపే కొనుగోలుదారుకు రాయాలి.
- పర్చేజ్: మీరు సరేనంటే 20 లోపు సరుకు కొనాలి. డబ్బు కట్టే ముందే శాంపిల్ ల్యాబ్‌కు వెళ్లాలి.
- క్వాలిటీ: బి లాట్‌ను లోకల్‌గా అమ్మవచ్చా అన్నది మన దేశపు పరిమితులతో సరిచూసి 24 లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. అప్పటిదాకా ఒక్క బస్తా కదలదు.

వాదన ఎక్కడ వచ్చిందంటే

ఒకే రిపోర్టులోని రెండు వేర్వేరు అంకెలు పట్టుకుని వాదించుకోవడంతోనే సగం మెయిళ్లు అయిపోయాయి. బి లాట్‌లో మొత్తం అఫ్లటాక్సిన్ 8.4. యూరప్ పరిమితి 10 కాబట్టి పాస్ అని ఎక్స్‌పోర్ట్ మేనేజర్ గారు రాశారు. అందులో బి1 అనే రకం అఫ్లటాక్సిన్ ఒక్కటే 6.8, దాని పరిమితి 5 కాబట్టి ఫెయిల్ అని క్వాలిటీ హెడ్ గారు రాశారు. అంకెలు రెండూ కరెక్టే. కానీ సరుకు రెండు పరిమితులకూ లోబడి ఉండాలి, కాబట్టి ఇది ఫెయిలే. (అన్నీ కిలోకు మైక్రోగ్రాముల్లో. ఎ లాట్‌లో బి1 1.9, మొత్తం 2.6.)

ఎ లాట్‌తో కలిపేస్తే సగటు తగ్గుతుంది కదా అని 13న ఒక ప్రతిపాదన వచ్చింది. పరిమితి దాటిన సరుకును మంచి సరుకులో కలపడాన్ని యూరప్ నిబంధనలే నిషేధించాయి. క్వాలిటీ హెడ్ గారు దాన్ని అప్పుడే గట్టిగా ఆపారు, ఆపడం మంచిదైంది.

మళ్లీ టెస్టు చేయిద్దామన్న మాట ఇంకా నడుస్తోంది. 12 బస్తాల నుంచే శాంపిల్ తీశారన్నది నిజమే. ఈ విషం లాట్ అంతటా ఒకేలా ఉండదు, కొన్ని కాయల్లోనే ఎక్కువగా ఉండొచ్చు. కానీ ఆ కారణం చేతే రెండో శాంపిల్ బాగా వచ్చినా ధైర్యంగా పంపలేం. అక్కడి పోర్టులో పట్టుబడితే కంటైనర్ వెనక్కి వస్తుంది, మన పేరూ పోతుంది. అన్నిటికీ మించి అది ఎవరో తినే మిర్చి. నచ్చిన రిపోర్టు వచ్చేదాకా టెస్టులు చేయించడం సరికాదని నేను అనుకుంటున్నాను.

కారణం ఇంకా తేలలేదు

బి లాట్‌లో తేమ 13.2 శాతం. ఒప్పందంలో ఉన్నది 11. కోల్డ్ స్టోరేజ్ నుంచి తీసిన రోజే బస్తాలు విప్పడంతో కాయలకు చెమ్మ పట్టిందని ప్యాకింగ్ వాళ్లు అంటున్నారు. కాయ విరగకుండా ప్యాకింగ్‌లో నీళ్లు ఎక్కువ చల్లారని స్టోరేజ్ ఇన్‌చార్జి గారు అంటున్నారు. రైతు కల్లంలోనే బూజు మొదలై ఉండొచ్చని పర్చేజ్ అంటోంది. ఏది నిజమో చెప్పే ఆధారం మన దగ్గర లేదు. స్టోరేజ్‌లో పెట్టే ముందు ఎ లాట్‌ను టెస్టు చేశారు, బి లాట్‌ను చేయలేదు. అందుకని ఇప్పుడే రైతుల మీదకో, కూలీల మీదకో తోయవద్దని మనవి.

ఒక విషయం మాత్రం మీ దృష్టికి తప్పక తేవాలి. 46 మెయిళ్లలో ఒక్కటి కూడా కొనుగోలుదారుకు వెళ్లలేదు. రెండు కంటైనర్లూ 21నే బయల్దేరతాయని వాళ్లు ఇంకా అనుకుంటున్నారు. వాళ్లకు రాయాల్సిన ఉత్తరం డ్రాఫ్ట్‌ను దీనితో జత చేశాను. రిపోర్టు అంకెలు అందులో ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం.

ఎగుమతుల కోఆర్డినేటర్