లూట్ బాక్సులు పిల్లల బలహీనతతో వ్యాపారం చేస్తున్నాయా?

లోపల ఏముందో తెలియకుండా డబ్బు చెల్లించి తెరిచే పెట్టెను మొబైల్ గేముల్లో లూట్ బాక్స్ అంటారు. అరుదైన పాత్ర దక్కుతుందో, అప్పటికే ఎన్నోసార్లు వచ్చిన మామూలు ఆయుధమే మళ్లీ వస్తుందో తెరిచాక గానీ తెలియదు. గేమును ఉచితంగా ఇచ్చి ఈ పెట్టెల మీద ఆదాయం రాబట్టుకోవడం చిన్న వయసు ఆటగాళ్లను దోచుకోవడమేనా అన్నది వివాదం. చాలావరకు అవుననే నా అభిప్రాయం. అయినా ఎదుటి పక్షం చెప్పే మాటల్లో కొన్ని తేలిగ్గా కొట్టిపారేయదగ్గవి కావు.

గేమింగ్ సంస్థల వాదన ప్రధానంగా స్వేచ్ఛ చుట్టూ తిరుగుతుంది. ఎవరినీ కొనమని బలవంతపెట్టడం లేదని, డబ్బు పెట్టేవారు కొద్దిమందే అయినా వారి వల్లే మిగిలిన వారందరికీ గేము ఉచితంగా అందుతోందని, చాలా పెట్టెల్లో ఉండేది గెలుపోటములతో సంబంధం లేని వేషాలూ రంగులేనని వారంటారు. ఏ బొమ్మ వస్తుందో తెలియని క్రికెట్ కార్డుల ప్యాకెట్లను తరతరాలుగా పిల్లలు కొంటూనే ఉన్నారు కదా అని కూడా గుర్తుచేస్తారు. ఈ చివరి పోలిక నాకు నిలబడేదిగా కనిపించదు. కార్డుల ప్యాకెట్ కోసం దుకాణం దాకా నడవాలి, చేతిలోని డబ్బు లెక్కపెట్టి ఇవ్వాలి. ఫోన్‌లో ఒక పెట్టెకూ మరో పెట్టెకూ మధ్య ఉండేది ఒక్క వేలి తాకిడి మాత్రమే.

అసలు చిక్కు అదృష్టంలో కన్నా ధర కనబడకపోవడంలోనే ఎక్కువగా ఉంది. ఒక పెట్టె తెరవడానికి 160 రత్నాలు కావాలనుకుందాం. గేములోని దుకాణంలో రత్నాలు 300 చొప్పున అమ్ముతారు. ఒక పెట్టె తెరిచాక 140 మిగులుతాయి, అవి రెండో పెట్టెకు చాలవు, మరో 300 కొనాలనిపిస్తుంది. పైగా కొన్ని గేముల్లో డబ్బుతో కొన్న నాణేలను రత్నాలుగా, రత్నాలను తాళాలుగా మార్చుకోవాలి. ఇన్ని మార్పిళ్ల తర్వాత ఒక్కో పెట్టెకు నిజంగా ఎంత డబ్బు ఖర్చయిందో పెద్దవాళ్లకే లెక్క తేలదు. పన్నెండేళ్ల పిల్లవాడు తేల్చుకుంటాడని ఆశించడం అన్యాయం.

ఏ వస్తువు దక్కే అవకాశం ఎంత శాతమో బయటపెడుతున్నాం కదా అన్నది సంస్థల మరో సమాధానం. చైనా 2017 మే నుంచి దీన్ని తప్పనిసరి చేసింది, అదే ఏడాది డిసెంబరులో యాపిల్ తన యాప్ స్టోర్ నిబంధనల్లో చేర్చింది. మంచిదే. కానీ 1 శాతం అవకాశం అని చదివిన పిల్లలు నూరు పెట్టెలు తెరిస్తే ఒకటి ఖాయమనుకుంటారు. లెక్క ప్రకారం, ఒక్కో పెట్టె ఫలితం మిగతావాటితో సంబంధం లేకుండా వచ్చేదైతే, నూరు తెరిచిన తర్వాత కూడా సుమారు 37 శాతం మందికి అది దక్కదు. అరుదైన వస్తువు పక్కనే చక్రం ఆగడం, పెట్టె వణుకుతూ వెలుగులు చిమ్మడం వంటి హంగులు ఆ అంకెను చదివిన కాసేపటికే మరిపిస్తాయి.

సంస్థల పక్షాన ఉన్న బలమైన వాదన పరిశోధనల గురించినది. జూద వ్యసనం తీవ్రంగా ఉన్నవారు లూట్ బాక్సులపై ఎక్కువ ఖర్చు చేస్తున్నారని 2018 నుంచి పలు అధ్యయనాలు చూపాయి. అయితే పెట్టెలు జూదరులను తయారుచేస్తున్నాయా, లేక జూదం వైపు మొగ్గు ఉన్నవారే పెట్టెల దగ్గరికి వస్తున్నారా అన్నది ఆ సంబంధం ఒక్కదానితోనే తేలదు. ఈ సందేహం న్యాయమైనదే. కాకపోతే రెండో సంగతే నిజమైనా సంస్థలకు దాంతో పెద్ద ఊరట ఉండకూడదు: అప్పుడు ఆదాయంలో కొంత భాగం తమను తాము అదుపు చేసుకోలేని వారి నుంచే వస్తోందని ఒప్పుకున్నట్టవుతుంది.

చట్టాలు కూడా ఒకే దారిలో నడవలేదు. డబ్బు పెట్టి కొనే లూట్ బాక్సులు జూదమేనని బెల్జియం 2018లో తేల్చి నిషేధించింది. నెదర్లాండ్స్‌లో ఒక పెద్ద సంస్థపై విధించిన కోటి యూరోల జరిమానాను అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2022లో కొట్టివేసింది. బ్రిటన్ జూద చట్టాన్ని మార్చకుండా బాధ్యతను పరిశ్రమకే వదిలింది. బెల్జియంలో నిషేధం తర్వాత కూడా అనేక గేముల్లో ఆ పెట్టెలు కొనసాగాయి కాబట్టి, నిషేధమొక్కటే మందు అని నేనూ అనను.

అందుకే 2025 జనవరిలో గెన్షిన్ ఇంపాక్ట్ అనే గేమును నడిపే సంస్థతో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కుదుర్చుకున్న ఒప్పందం నాకు ఎక్కువ అర్థవంతంగా అనిపిస్తుంది. రెండు కోట్ల డాలర్ల చెల్లింపు అటుంచితే, 16 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి లేకుండా లూట్ బాక్సులు అమ్మరాదని, రత్నాల ద్వారానే కాక నేరుగా అసలు డబ్బుతోనూ కొనే వీలు ఇవ్వాలని అందులో ఉంది. ఆటగాళ్లు తెలిసే కొంటున్నారని చెప్పే సంస్థలకు తెర మీద అసలు ధర చూపించడానికి అభ్యంతరం ఉండకూడదు. చూపించాక అమ్మకాలు ఎంత పడిపోతాయో, ఆ మేరకు ఇప్పటిదాకా తెలియక కొన్నవారు ఉన్నట్టే లెక్క.