చచ్చిన ఈఎస్‌పీ32 బోర్డు: రెండోదాన్ని ఇలా చూడు

తమ్ముడూ, కొండాపూర్ అపార్టుమెంటు నుంచి వచ్చిన మూడు వాటర్ ట్యాంకు కంట్రోలర్లలో ఒకదాన్ని నిన్న రాత్రి బతికించాను. రెండోది బెంచి మీద ఉంది. రేపు నేను కుషాయిగూడ రాను, అది నీ పని. మూడోది బాగానే నడుస్తోంది, పోల్చి చూసుకోవడానికి పక్కన పెట్టుకో. వచ్చీ రాగానే హాట్ ఎయిర్ పట్టి ఈఎస్‌పీ మాడ్యూల్ పీకొద్దు. మనవాళ్లు చాలామంది అక్కడే బోర్డును నిజంగా చంపేస్తారు.

ముందు రిలే, సెన్సర్, యూఎస్‌బీ వైర్లన్నీ తీసెయ్. లెన్స్‌తో ఒకసారి చూడు: మాడిన మచ్చ, పగిలిన కెపాసిటర్, నీటి తడికి పట్టిన పచ్చ తుప్పు.

ఇప్పుడు మీటర్. ఎర్ర ప్రోబు 10 ఆంపియర్ల రంధ్రంలో లేదని చూసుకో. అలా ఉంచి వోల్టేజీ కొలిస్తే సప్లైని మీటరే షార్ట్ చేస్తుంది. ఓమ్స్‌లో పెట్టి రెండు ప్రోబులూ తాకించు. మన మీటర్ 0.2 చూపిస్తుంది, ప్రతి రీడింగులో అది తీసెయ్. బోర్డుకు కరెంటు లేకుండానే 5 వోల్టుల పిన్నుకీ గ్రౌండుకీ మధ్య, తర్వాత 3.3 వోల్టుల పిన్నుకీ గ్రౌండుకీ మధ్య కొలువు. నిన్నటి బోర్డులో 5 వైపు బాగుంది, 3.3 వైపు 0.9 వచ్చింది. అంటే అసలు 0.7 ఓమ్. మంచి బోర్డులో అదే చోట కెపాసిటర్లు నిండుతూ అంకె పైకి పోయి కిలో ఓముల్లో నిలిచింది. తక్కువ అంకె కనబడగానే షార్ట్ అనుకోకు, మంచి బోర్డుతో పోల్చాకే తేల్చుకో.

తర్వాత రెగ్యులేటర్, ఏఎంఎస్1117. మూడు కాళ్లు కిందికి వచ్చేలా పట్టుకుంటే ఎడమది గ్రౌండ్, మధ్యది అవుట్‌పుట్, కుడిది ఇన్‌పుట్. పైన వెడల్పు రేకు కూడా అవుట్‌పుటే. ఇన్‌పుటుకీ అవుట్‌పుటుకీ మధ్య షార్ట్ ఉంటే 5 వోల్టులు నేరుగా చిప్పు మీద పడతాయి, కాబట్టి సప్లై పెట్టకముందే ఇది చూడాలి.

బెంచ్ సప్లైలో 5.0 వోల్టులు పెట్టి, దాని వైర్లు ఒకదానికొకటి తాకించి కరెంట్ లిమిట్ 100 మిల్లీ ఆంపియర్లకు తగ్గించు. ఆ తర్వాతే బోర్డుకు కలుపు. నిన్న సీసీ లైటు వెలిగి వోల్టేజీ 1.8కి కుంగింది. షార్ట్ ఉందని అక్కడే ఖాయమైంది. నీ బోర్డులో వోల్టేజీ 5 దగ్గరే నిలిచి కరెంటు సున్నా ఉంటే కథ వేరు: రెగ్యులేటర్ ఇన్‌పుట్ దాకా 5 వస్తోందా, అవుట్‌పుట్‌లో 3.3 ఉందా అని కాలు కాలు వెతుకు. ఎక్కడ ఆగితే అక్కడే తెగిన ట్రాకో, వదులైన టంకమో, పోయిన రెగ్యులేటరో.

షార్ట్ అయితే 5 వైపు వదిలేసి నేరుగా 3.3 పిన్నుకు ఇవ్వు. వోల్టేజీ 0.9 దాటనివ్వకు, లిమిట్ ఒక ఆంపియర్. ఇంత తక్కువ వోల్టేజీకి మంచి చిప్పులు మేలుకోవు, కరెంటంతా షార్ట్ గుండానే పోతుంది. కుంచెతో బోర్డంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూసి కళ్లార్పకుండా చూడు. ముందుగా ఎక్కడ ఆరితే అక్కడ వేడి ఉంది. నిన్న మాడ్యూల్ అంచు పక్కన ఆరింది, కానీ అక్కడ రెండు కెపాసిటర్లు ఆనుకుని ఉన్నాయి. అప్పుడు మీటర్ మిల్లీవోల్టుల్లో పెట్టి ఒక్కో కెపాసిటర్ రెండు చివర్ల మధ్యా కొలిచాను. పిన్ను దగ్గర 700, ఒకదాని మీద 640, పక్కదాని మీద 612. కరెంటు ట్రాకులో పోతూ పోతూ వోల్టేజీ తరుగుతుంది కనుక అన్నిటికన్నా తక్కువ చూపించేదే దొంగ. ఈ కొలతంటే నాకు చాలా ఇష్టం. ఊహతో పని లేదు, అంకె వేలు పెట్టి చూపిస్తుంది.

సప్లై ఆపి దాన్ని తీసేశాక 3.3 వైపు మళ్లీ కిలో ఓముల్లోకి వచ్చింది. పెట్టాల్సింది 10 మైక్రో ఫారడ్ సిరామిక్. డబ్బాలో లేకపోతే కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చుకో.

చివరగా మళ్లీ 5 పిన్నుకే 5 వోల్టులు. ఈసారి లిమిట్ 500కి పెంచు, వైఫై లేచేటప్పుడు కరెంటు ఎగుస్తుంది, 100 చాలదు. అవుట్‌పుట్ 3.3, ఎనేబుల్ పిన్ను కూడా 3.3 ఉండాలి. అవి సరిపోతే సప్లై విప్పి యూఎస్‌బీ పెట్టి, సీరియల్ మానిటర్ 115200లో తెరిచి రీసెట్ బటన్ నొక్కు. ఇలాంటి వరుస రావాలి:

```
rst:0x1 (POWERON_RESET),boot:0x13 (SPI_FAST_FLASH_BOOT)
```

దీని బదులు `waiting for download` అని వస్తే జీపీఐఓ 0 ఎక్కడో గ్రౌండుకు తగులుతోంది, అది చూడు.

రిలే వైర్లు తిరిగి కలిపేముందు వాళ్ల అడాప్టర్ కూడా లోడు పెట్టి కొలువు. నిన్నటి దానితో వచ్చింది 5.1 ఇచ్చింది, దీనిది ఇంకా చూడలేదు.