తమ్మీ, నీ రెజ్యూమె విడదీసి రాశాను

తమ్మీ, నువ్వు పంపింది చదివాను. పేరు, ఫోన్ నంబరు ఉన్న మొదటి రెండు లైన్లు ముట్టుకోలేదు. దాని కింద నువ్వు రాసింది ఇలా ఉంది:

"నేను 2016లో బీకాం కంప్యూటర్స్ పాసై హుజూర్‌నగర్‌లో ఎరువుల దుకాణంలో చేరాను అక్కడ బిల్లులు స్టాకు చూసేవాడిని తర్వాత 2019 నుంచి మిర్యాలగూడ రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తున్నాను టాలీ జీఎస్టీ అన్నీ వచ్చు కష్టపడే తత్వం నిజాయితీ గలవాడిని తండ్రి వ్యవసాయం నాకు పెళ్లయింది ఒక పాప లారీల కాటా తేడా కూడా ఒకసారి పట్టుకున్నాను"

గుక్క తిప్పుకోకుండా చెప్పినట్టుంది. సూర్యాపేట మిల్లు సేటు దీన్ని చూసేది అర నిమిషం. ఆయనకు కావాల్సిన ముక్కేమో చిట్టచివర పడి ఉంది, పాప తర్వాత! దాన్నే పైకి తెచ్చాను. నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన అంకెలు కూడా చేర్చాను. ఇక ఇది చూడు.

కోరుకుంటున్న పని

రైస్ మిల్లు హెడ్ అకౌంటెంట్. ధాన్యం కొనుగోలు నుంచి బియ్యం డెలివరీ దాకా లెక్కల్లో ఆరేళ్లకు పైగా అనుభవం.

అనుభవం

అకౌంటెంట్, రైస్ మిల్లు, మిర్యాలగూడ (ఏప్రిల్ 2019 నుంచి ఇప్పటివరకు)

- కొనుగోలు కేంద్రం చీటీకీ మిల్లు కాటా చీటీకీ పోలిక. మూడు లారీల్లో ఒక్కోదానికి 120 నుంచి 180 కిలోల తేడా గుర్తింపు
- ఆ తేడాకు కారణం ఖాళీ లారీ పాత తూకాన్నే మళ్లీ రాయడమని నిర్ధారణ. ప్రతి ట్రిప్పుకూ ఖాళీ లారీని తూచే పద్ధతి ప్రారంభం
- సీజన్‌లో రోజుకు 20 నుంచి 30 లారీల ధాన్యం తూకం, తేమ శాతం, గోతాల లెక్క నమోదు
- కస్టమ్ మిల్లింగ్ లెక్క: క్వింటా ధాన్యానికి రా రైస్ 67 కిలోలు, బాయిల్డ్ 68 కిలోల చొప్పున పౌరసరఫరాల సంస్థకు ఇవ్వాల్సిన బియ్యం పట్టిక నిర్వహణ
- 25 కిలోలు, అంతకు తక్కువ లేబుల్ బస్తాలకు 5 శాతం జీఎస్టీతో, 26 కిలోల బస్తాలకు పన్ను లేకుండా విడివిడి బిల్లింగ్
- ప్రతి నెలా 11లోగా జీఎస్టీఆర్-1, 20లోగా జీఎస్టీఆర్-3బీ దాఖలు
- హమాలీ కూలి, తవుడు, నూక అమ్మకాల రోజువారీ నగదు పుస్తకం నిర్వహణ

బిల్లింగ్, స్టాక్ క్లర్కు, ఎరువుల దుకాణం, హుజూర్‌నగర్ (జులై 2016 – మార్చి 2019)

- యూరియా, డీఏపీ, పురుగుమందుల స్టాక్ రిజిస్టర్ నిర్వహణ
- ఎరువుల అమ్మకం పీఓఎస్ మిషన్‌లో ఆధార్ వేలిముద్రతో నమోదు (2018 నుంచి)
- రైతుల ఖాతా బాకీల వసూలు

కంప్యూటర్ పరిజ్ఞానం

- టాలీ ఈఆర్‌పీ 9, టాలీప్రైమ్
- ఎక్సెల్: పివట్ టేబుల్, వీ-లుకప్
- జీఎస్టీ పోర్టల్, ఈ-వే బిల్లు

చదువు

- బీకాం (కంప్యూటర్స్), మహాత్మా గాంధీ యూనివర్సిటీ, నల్గొండ, 2016

భాషలు

- తెలుగు, హిందీ: మాట్లాడటం, రాయడం
- ఇంగ్లిష్: చదవడం, బిల్లులు, మెయిళ్లు రాయడం

అంతే. పెళ్లి, పాప, నాన్న వ్యవసాయం తీసేశాను, కోపం తెచ్చుకోకు. "కష్టపడే తత్వం, నిజాయితీ" కూడా పోయింది. కాటా సంగతి చదివినవాడికి అది వేరే చెప్పాలా?

ఒకటి గమనించు. నువ్వు ఒకచోట "చూసేవాడిని", ఇంకోచోట "చూస్తున్నాను" అన్నావు. నేను ఏ పాయింటులోనూ "నేను" రానివ్వలేదు. పనులన్నీ నమోదు, దాఖలు, నిర్వహణ అన్నట్టే ముగిశాయి, చివర చుక్కల్లేవు. కొత్తది చేర్చాలనిపిస్తే ఆ వరసలోనే రాయి, లేకపోతే అతుకు వేసినట్టు కనిపిస్తుంది.

లారీల సంఖ్య మాత్రం ఇంకోసారి రిజిస్టర్‌లో చూసుకో. ఫోన్‌లో ముందు 20 అన్నావు, తర్వాత 30 అన్నావు. ఆ సేటు సొంతంగా మిల్లు నడిపేవాడు, మొదట అడిగేది అదే.

వర్డ్ ఫైల్ పంపకు. అవతలి కంప్యూటర్‌లో మన ఫాంట్ లేకపోతే ఒత్తులన్నీ విడిపోతాయి. పీడీఎఫ్ చేసి, నీ ఫోన్‌లో ఒకసారి తెరిచి చూసి, అప్పుడు పంపు.