ఆఫీసులో లేను: నవంబరు 12 నుంచి 25 వరకు. తొందర పని రమ్య గారికి, మిగతాది 26న నాకు

నమస్కారమండీ.

మీ మెయిల్ చేరింది. అమ్మను తీసుకుని కాశీ వెళ్తున్నాను. 2025 నవంబరు 12 బుధవారం సాయంత్రం నుంచి 25 మంగళవారం వరకు తెనాలి ఆఫీసులో ఉండను. 26 బుధవారం ఉదయం 10 గంటలకు మళ్ళీ నా సీట్లో ఉంటాను. ఈలోగా మెయిల్ చూడను, వాట్సాప్ కూడా చూడను.

ఆగని పని ఏదైనా ఉంటే మన ఆఫీసులో రమ్య గారికి ఫోన్ చేయండి. మీ దగ్గర ఉన్న ఆఫీసు నంబరే, ఆ ఫోను ఈ 14 రోజులూ ఆవిడ చేతిలోనే ఉంటుంది. ఉదయం 10 నుంచి రాత్రి 7 వరకు, ఆదివారాలు 10 నుంచి ఒంటిగంట వరకు ఎత్తుతారు. 18, 19, 20 తేదీల్లో మాత్రం రాత్రి 10 దాకా ఆఫీసు తెరిచే ఉంటుంది. మెయిల్ పెట్టాలంటే మీరు ఎప్పుడూ బిల్లులు పంపే ఆఫీసు మెయిల్‌కే పెట్టండి, అదీ ఆవిడే చూస్తారు.

తొందరలో ఉన్నవాళ్ళకు ఇంతవరకు చదివితే చాలు. మీ పని ఆగేదో ఆగనిదో తేల్చుకోవాలంటే కింది భాగం కూడా చదవండి.

ముందుగా రమ్య గారి గురించి ఒక మాట. ఆవిడ మన ఆఫీసుకు వచ్చి 11 ఏళ్ళయింది. మీలో సగం మంది రిటర్నులు చేసేది ఆవిడే, నేను చూసి పంపుతానంతే. ఈ రెండు వారాలూ ఆవిడ చెప్పిందే నేను చెప్పినట్టు. "సార్ వచ్చాక మాట్లాడతాలే" అని దయచేసి అనకండి. బిల్లు కావాలని అడిగితే పంపండి, చలానా కట్టమంటే కట్టండి, ఈ క్రెడిట్ తీసుకోవడం కుదరదు అంటే కుదరదనే. ఆవిడకు తెలియనిది వస్తే ఎవరిని అడగాలో ఆవిడకు తెలుసు. గుంటూరులో సుధాకర్ గారు, జీఎస్టీ కేసులు చూసే అడ్వకేటు, ఈ రెండు వారాలూ ఆవిడ ఫోనుకు అందుబాటులో ఉంటానని మాట ఇచ్చారు. మీరు నేరుగా ఆయనకు చేయనక్కర్లేదు, రమ్య గారే కలుపుతారు.

ఇక ఆగని పనులు.

అన్నిటికంటే ముందు అక్టోబరు నెల GSTR-3B. ఆఖరు తేదీ 20, గురువారం. ఆ రోజు కార్తీక అమావాస్య కూడా, చాలా దుకాణాల్లో పూజ ఉంటుంది, మధ్యాహ్నం దాకా ఎవరూ ఫోను ఎత్తరు. అందుకే మీ అందరివీ 18 సాయంత్రానికే వేసేయాలని రమ్య గారితో అనుకున్నాం. GSTR-1 అందరివీ 11న వెళ్ళిపోయాయి. 14న పోర్టల్‌లో GSTR-2B వస్తుంది. మీ కొనుగోళ్ళ బిల్లులతో దాన్ని సరిచూసి, పన్ను ఎంత కట్టాలో 15, 17 తేదీల్లో మీకు ఫోన్ చేసి చెబుతారు. ఆ అంకె చెప్పిన రోజే బ్యాంకులో డబ్బు చూసుకోండి. ఒక రోజు దాటితే రోజుకు 50 రూపాయలు, నిల్ అయితే 20 రూపాయలు లేటు ఫీజు. దానిపైన, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. లేటు ఫీజు కంటే ఆ వడ్డీయే ఎక్కువ బాధపెడుతుంది.

ఈ నెల 3B మామూలు నెలల్లాంటిది కాదు. 2024-25 సంవత్సరంలో మీరు కొన్న సరుకు మీద పన్ను క్రెడిట్ ఏదైనా తీసుకోకుండా మిగిలిపోతే, దాన్ని తీసుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు నవంబరు 30. నెలనెలా వేసేవాళ్ళకు ఆ గడువులో వచ్చే చివరి రిటర్ను ఇదే. పాత ఫైళ్ళలో, లారీ వాళ్ళు తెచ్చి ఇచ్చిన కాగితాల్లో, అల్లుడి స్కూటరు డిక్కీలో, ఎక్కడైనా నిరుటి బిల్లు ఉందేమో 16 ఆదివారం లోపు వెతికి రమ్య గారికి ఫోటో పంపండి. మినప మిల్లుల వాళ్ళు మెషినరీ బిల్లులు, దుగ్గిరాల పసుపు వ్యాపారులు గోనె సంచుల బిల్లులు ముఖ్యంగా చూడండి, ఏటా మిగిలిపోయేవి అవే. 30 దాటాక నా దగ్గరకు తెచ్చినా నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

GSTR-1లో ఏదైనా అమ్మకం తప్పు పడిందని మీకు ఇప్పుడు తోస్తే, 3B వెయ్యక ముందే చెప్పండి. GSTR-1Aలో సరిచేస్తారు. 3B వేశాక ఆ నెలకు ఆ దారి మూసుకుపోతుంది.

మూడు నెలలకోసారి రిటర్ను వేసేవాళ్ళు 25 లోపు అక్టోబరు చలానా కట్టాలి. రమ్య గారు చలానా తయారు చేసి పంపుతారు, మీరు కట్టి రసీదు పంపితే చాలు.

పీఎఫ్, ఈఎస్ఐ 15, శనివారం. జీతాల షీటు 13 మధ్యాహ్నంలోపు ఇవ్వండి. ఎవరైనా పనివాళ్ళు కొత్తగా చేరినా, మానేసినా అదే కాగితం మీద రాయండి.

పాత రిటర్ను బాకీ ఉన్నవాళ్ళు మీలో నలుగురైదుగురు ఉన్నారు. గడువు దాటి మూడేళ్ళయిన రిటర్నులను పోర్టల్ ఇక తీసుకోదు. 2022 అక్టోబరు నెలది డిసెంబరు 1 నుంచి వేయడానికే కుదరదు. అలాంటిది ఉంటే సిగ్గుపడకుండా ఇప్పుడే రమ్య గారికి చెప్పండి. లేటు ఫీజు ఎంతైనా, వేసుకునే వీలుండటం నయం.

నోటీసు వస్తే అది ఏ నంబరుదో చూడండి. REG-17 అయితే అదే రోజు పంపండి. రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని అడిగే నోటీసు అది, జవాబుకు ఏడు పని దినాలే ఇస్తారు. 2022లో మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇలాంటి నోటీసు ఒకటి నా మెయిల్‌కు వచ్చి పదిరోజులు చూడకుండా ఉండిపోయింది. ఒక చిన్న కిరాణా హోల్‌సేల్ ఆయన రిజిస్ట్రేషన్ పోయింది, తిరిగి తెచ్చుకునేసరికి ఆయన సంక్రాంతి వ్యాపారం పోయింది. ఆ రోజు ఆఫీసులో ఎవరిని అడగాలో ఆయనకు నేను చెప్పి వెళ్ళలేదు. ఆ తప్పు నాదే. ఈ ఉత్తరం ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

మిగతా నోటీసులు, జీఎస్టీవి గానీ ఇన్‌కం ట్యాక్స్‌వి గానీ, ఆఫీసు మెయిల్‌కు పంపండి. గడువు తేదీ చూసి ఆగవచ్చో లేదో ఆవిడే చెబుతారు. మీరుగా పోర్టల్‌లో జవాబు పెట్టవద్దు.

లారీ ఆపితే రాత్రి ఎన్నింటికైనా ఆఫీసు నంబరుకు చేయండి, ఆవిడ ఎత్తుతారు. డ్రైవరు చేత ఏ కాగితం మీదా చదవకుండా సంతకం చేయించకండి, రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి. ఈ-వే బిల్లు గడువు ముగిసిందని ఆపారంటే ముందు టైము చూడండి. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల దాకా దాన్ని పొడిగించుకునే వీలుంది. గుంటూరు యార్డు నుంచి మిర్చి ఉత్తరాదికి పంపేవాళ్ళు ఇది డ్రైవరుకు కూడా చెప్పి పెట్టండి.

ఇక ఆగే పనులు. వీటి గురించి టెన్షన్ పడకండి.

ఆడిట్ ఉన్నవాళ్ళ ఇన్‌కం ట్యాక్స్ రిటర్నుల గడువు డిసెంబరు 10కి పెంచారు. మీ ఆడిట్ రిపోర్టులు నవంబరు 10 లోపే అప్‌లోడ్ అయ్యాయి కాబట్టి, రిటర్నులు నేను వచ్చాక 27 నుంచి వరుసగా వేస్తాను. ఏడాది రిటర్ను GSTR-9కి డిసెంబరు 31 దాకా సమయం ఉంది. రీఫండు ఎప్పుడొస్తుంది, కొత్త కంపెనీ పెట్టాలా పార్టనర్‌షిప్పా, అబ్బాయి పేరు మీద షాపు మార్చాలా, ఇలాంటివన్నీ కూర్చుని మాట్లాడాల్సినవి. 28 తర్వాత రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం.

బ్యాంకు లోను కోసం ప్రాజెక్టు రిపోర్టు అడిగినవాళ్ళు ముగ్గురున్నారు. మేనేజరు గారు తొందరపెడుతున్నారని తెలుసు, కానీ అంకెలు నేను చూడకుండా ఆ కాగితం బయటకు వెళ్ళదు. డిసెంబరు 1న ఇస్తాను. పాత బ్యాలెన్స్ షీటు కాపీలు, కట్టిన రిటర్నుల కాపీలు మాత్రం రమ్య గారు అడిగిన రోజే ఇస్తారు.

నా ఫీజు కూడా ఆగుతుంది.

ఓటీపీల గురించి జాగ్రత్త. 3B వేసేటప్పుడు మీ ఫోనుకు ఓటీపీ వస్తుంది. రమ్య గారు ఆఫీసు నంబరు నుంచి ఫోన్ చేసి, మీ రిటర్ను అంకె ముందుగా చదివి వినిపించి, ఆ తర్వాతే ఓటీపీ అడుగుతారు. అలా కాకుండా ఎవరు అడిగినా చెప్పకండి. నేను కాశీలో చిక్కుకుపోయానని, డబ్బు పంపమని నా పేరుతో మెసేజ్ వస్తే అది నేను పంపింది కాదు. నా ఫొటో ఉన్నా నమ్మకండి, ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పండి.

ఈ జవాబు దానంతట అదే వస్తోంది, ఒక్కొక్కరికి నాలుగు రోజులకోసారే వెళ్తుంది. మీరు రెండో మెయిల్ పెట్టినప్పుడు ఏ జవాబూ రాకపోతే నేను చూశానని అనుకోవద్దు. 26న తెరిచినప్పుడు ముందు నోటీసులు, తర్వాత డిసెంబరు 10 వాళ్ళవి, ఆ తర్వాత మిగతావి చూస్తాను. 28 శుక్రవారం సాయంత్రానికి అన్నిటికీ జవాబు ఇస్తాను. 29న కూడా మీకు జవాబు రాకపోతే మళ్ళీ ఒక్కసారి గుర్తు చేయండి, ఏమీ అనుకోను.

అమ్మకు 79 ఏళ్ళు. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని నాన్నగారు ఉన్నప్పటి నుంచి అడుగుతోంది. 14 రాత్రి నుంచి 22 రాత్రి దాకా లెక్క సరిగ్గా తొమ్మిది. మానససరోవర్ ఘాట్ దగ్గర తెలుగువాళ్ళ సత్రంలో ఉంటాం. మధ్యలో ఒక్క రాత్రి తగ్గినా ఆ తొమ్మిది కాదు, అందుకే నడుమ రాలేను. మీలో చాలామంది ఇది విని "మేం చూసుకుంటాం, వెళ్ళిరండి" అన్నారు. మీ అందరి పేర్లూ అమ్మ ఒక కాగితం మీద రాయించుకుంది, గంగలో స్నానం చేసేటప్పుడు చదవాలని.

గంగ సమారాధన 30 ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో. అందరూ రావాలి, భోజనం అక్కడే.

ఉంటాను,
భాస్కరరావు
జీఎస్టీ, ఇన్‌కం ట్యాక్స్ ప్రాక్టీషనర్, తెనాలి