నియర్ మిస్ రిపోర్ట్: ప్రెస్ షాప్‌లో డై మారుస్తుండగా బెల్ట్ తెగిన సంఘటన

ఎక్కడ: ప్రెస్ షాప్, 4వ నంబర్ ప్రెస్ ముందు
ఎప్పుడు: 2025 మార్చి 12 రాత్రి షిఫ్ట్, తెల్లవారితే గురువారం, 2:40 గంటలకు
గాయాలు: ఎవరికీ లేవు
నష్టం: ఒక బెల్ట్ స్లింగ్, నేల మీద అరచేయంత పెచ్చు, డై కింది ప్లేటు మూల మీద నొక్కు
రాసింది: ఆ రాత్రి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్

ఈ సంఘటనలో నా పాత్ర కూడా ఉంది. అందుకే మాటలు తీసుకునేటప్పుడు నేను ఒక్కణ్ణే కూర్చోలేదు. సేఫ్టీ కమిటీలోని కార్మిక ప్రతినిధి పక్కన ఉన్నారు. క్రేన్ ఆపరేటర్‌తో, హెల్పర్‌తో, డై సెట్టర్‌తో విడివిడిగా మాట్లాడాం. రాసింది వాళ్లకు చదివి వినిపించాం, వాళ్లు చెప్పిన రెండు సవరణలు చేశాం.

ఏం జరిగింది

1.8 టన్నుల డైని ర్యాక్ నుంచి 4వ నంబర్ ప్రెస్‌కి ఓవర్‌హెడ్ క్రేన్‌తో తెస్తున్నారు. రెండు ఆకుపచ్చ బెల్టులు, ఒక్కోటి 2 టన్నులది, డై కింద నుంచి ఊయల కట్టినట్టు వేసి, నాలుగు చివర్లూ హుక్కుకు తగిలించారు. డై నేలకు దాదాపు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. ప్రెస్ బెడ్‌కి మీటరు దూరంలో ఆపి, కొద్దికొద్దిగా ముందుకు జరుపుతున్నారు.

అప్పుడు వెనక వైపు బెల్ట్ తెగింది. ఆ వైపు నేలకు కొట్టుకుంది. ముందు వైపు రెండో బెల్ట్ మీద ఏటవాలుగా వేలాడుతూ ఉండిపోయింది. ఆపరేటర్ వెంటనే ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి, పెండెంట్ వదలకుండా "ఎవరూ దగ్గరికి రావద్దు" అని అరిచాడు. తర్వాత వేలాడుతున్న వైపు కిందికి పొడవాటి రాడ్డుతో కట్టె దిమ్మెలు తోసి, డైని వాటి మీదకి మెల్లగా దించాం. 4:10కి పని పూర్తయింది. అప్పటివరకు ఆ చోటు చుట్టూ టేపు కట్టి ఉంచాం.

హెల్పర్ అంతవరకూ ఆ వెనక మూల మీదే చెయ్యి వేసి డైని తిప్పుతున్నాడు. క్లాంప్ తీసుకోవడానికి టేబుల్ దగ్గరికి వెళ్లాడు. బెల్ట్ తెగినప్పుడు అతనికీ డై మూలకీ మధ్య 1.4 మీటర్లు. టేపుతో కొలిచాం.

ఏం జరిగి ఉండేది

అతను క్లాంప్ కోసం కాస్త ఆలస్యంగా కదిలి ఉంటే పాదం పోయేది. సేఫ్టీ షూ ఉందిగా అని ఒకరిద్దరు అన్నారు. షూ ముందు భాగంలోని గుల్లను 200 జౌళ్ల దెబ్బకు పరీక్షిస్తారు. డైలో సగం బరువు, అంటే 900 కిలోలు, 60 సెంటీమీటర్లు పడితే 5,000 జౌళ్లు దాటుతుంది. పాతిక రెట్లకు పైనే. అంటే ఆ రాత్రి అతన్ని కాపాడింది షూ కాదు, టేబుల్ మీదున్న క్లాంప్. అదృష్టాన్ని రక్షణ ఏర్పాటుగా లెక్కేసుకోలేం కాబట్టి దీన్ని పెద్ద ప్రమాదంతో సమానంగా చూసి ఈ రిపోర్ట్ రాస్తున్నాను.

తెగిన బెల్ట్ ఏం చెబుతోంది

60 మిల్లీమీటర్ల వెడల్పున్న బెల్ట్‌లో 40 మిల్లీమీటర్లు బ్లేడుతో కోసినట్టు నున్నగా తెగి ఉంది. మిగతా 20 మిల్లీమీటర్లలో పోగులు పొడవుగా సాగి చీలి ఉన్నాయి. అంటే ముందు కోత పడింది, మిగిలిన కొద్ది పోగులు బరువు మోయలేక తెగాయి. ట్యాగ్ చదవగలిగేలానే ఉంది. వేరే చోట్ల అరుగుదల లేదు.

బరువు చాలా తక్కువే. ఒక్కో బెల్ట్ మీద పడింది 0.9 టన్ను. ఈ కోణంలో ఊయలలా వేస్తే ఆ బెల్ట్ 2.8 టన్నుల దాకా మోస్తుంది. ఆపరేటర్ అన్నాడు: "డై 1.8 టన్నులు. బెల్ట్ ఒక్కటే 2 టన్నులది. రెండు వేశాం. ఇంకేం కావాలి అనుకున్నాం." లెక్క సరైనదే. కానీ బెల్ట్ కెపాసిటీ లెక్క పదునైన అంచు లేనప్పుడే పనికొస్తుంది.

డై కింది ప్లేటు అంచుని వేలితో తడిమి చూశాను, గ్లవ్ లేకుండా. తడమకుండా ఉండాల్సింది. జనవరి ఓవర్‌హాల్‌లో ఆ ప్లేటుని గ్రైండింగ్ చేశారు. అంతకుముందు అంచుకి ఉన్న చిన్న ఛాంఫర్ గ్రైండింగ్‌లో పోయింది. మళ్లీ వేయలేదు. టూల్ రూమ్ వాళ్లని అడిగితే డ్రాయింగ్ చూపించారు. అందులో ఛాంఫర్ లేదు. ఎప్పుడో ఒక మంచి ఫిట్టర్ తన అలవాటు కొద్దీ వేసిన ఛాంఫర్ అది. ఇన్నాళ్లూ మన బెల్టుల్ని కాపాడింది అదేనని ఎవరికీ తెలియదు.

బెల్టే ఎందుకు వాడారు

"బెల్ట్ ఎందుకు వాడారు?" అని అడిగితే జవాబు తడబడుతూ వచ్చింది. "ఆ రాత్రి మీ ముందు ఏం ఉన్నాయి?" అని మార్చి అడిగాక అసలు సంగతి బయటపడింది.

ఈ డైని ఎత్తడానికి రాసి ఉన్న పద్ధతి నాలుగు ఐ బోల్టులు, నాలుగు కాళ్ల చైన్. ఐ బోల్ట్ రంధ్రాలు నాలుగింటిలో రెండిటి మర అరిగిపోయింది. బోల్టు సగం వరకే ఎక్కుతుంది, ఊగుతుంది. దాన్ని బాగుచేయించమని ఫిబ్రవరి 20న రాసిన వర్క్ రిక్వెస్ట్ మీద సంతకం నాదే. డై ఖాళీ అవ్వాలి కదా అని ఉత్పత్తి వాళ్లు ఆపారు, నేను మళ్లీ అడగలేదు. చైన్ మార్చి 4న టెస్టింగ్‌కి వెళ్లింది. మనకున్నది ఒకే ఒక్క సెట్టు. దాని బదులుగా ఏం వాడాలో ఎవరికీ చెప్పలేదు. అంచు మీద పెట్టే కార్నర్ ప్రొటెక్టర్లు స్టోర్‌లో ఉన్నాయి. రాత్రి పది తర్వాత స్టోర్ తాళం.

పక్క బేలో ఇంకో చైన్ సెట్టు ఉందని డై దించాక తెలిసింది. నేను ఇక్కడ ఆరేళ్లుగా ఉన్నాను. నాకూ తెలియదు.

కాబట్టి ఆ ముగ్గురి ముందున్నవి రెండే దారులు: బెల్టులు వేయడం, లేదా ఉదయం దాకా 4వ నంబర్ ప్రెస్ ఆపేయడం. ఆపడానికి ఎవరిని అడగాలో, అడిగితే ఏమంటారో వాళ్లకు స్పష్టంగా తెలియదు. నన్ను అడిగి ఉంటే నేను ఏమనేవాణ్ణి? నిజం చెప్పాలంటే, "జాగ్రత్తగా చెయ్యండి" అని ఉండేవాణ్ణి.

ఇది మొదటిసారి కాదు

లాగ్‌బుక్ తిరగేస్తే, జనవరి ఓవర్‌హాల్ తర్వాత ఈ డైని బెల్టులతో ఆరుసార్లు ఎత్తారు, అన్ని షిఫ్టుల్లోనూ. రెండుసార్లు బెల్ట్ కోసుకుపోయిందని చూసి, తీసి పారేసి, కొత్తది వేసుకున్నారు. పాడైన బెల్ట్ వాడకపోవడం మంచి పనే. పారేయడానికి ఎర్ర డబ్బా ఉంది, కానీ ఎందుకు కోసుకుపోయిందో రాయడానికి ఎక్కడా చోటు లేదు. ఆ రెండు బెల్టులూ మనకి ముందే చెప్పాయి, వినడానికి ఎవరూ లేరు.

ర్యాక్‌లో ఉన్న 11 బెల్టుల్ని ఇప్పుడు విప్పి చూశాం. మూడిటికి అంచున కోతలున్నాయి. మూడిటినీ ముక్కలుగా కోసి పడేశాం, లేకపోతే ఎవరో ఒకరు మళ్లీ వాడతారు.

సరిగ్గా పనిచేసినవి

ఆపరేటర్ డైని మామూలుగా దించే ప్రయత్నం చేయలేదు. చేసి ఉంటే రెండో బెల్ట్ జారేది. అతను నిలబడ్డ చోటు కూడా సరైనదే, డై ఊగినా తగలని దూరం. గత ఏడాది ఎమర్జెన్సీ స్టాప్ డ్రిల్లులో నేర్చుకున్నానని చెప్పాడు. ముగ్గురూ జరిగింది జరిగినట్టు అదే రాత్రి చెప్పారు. డైని దించేసి, నేల మీద పెచ్చుకి సిమెంటు పూసేసి ఉంటే మనకి ఏమీ తెలిసేది కాదు.

హెచ్చరిక లేఖ గురించి

హెచ్చరిక లేఖ ఇవ్వాలని సూచన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. కారణం జాలి కాదు. ఆరుసార్లు, మూడు షిఫ్టులు, వేర్వేరు మనుషులు అదే చేశారు. ఏడోసారి అక్కడ ఎవరు నిలబడి ఉన్నా ఇదే జరిగేది. లేఖ ఇస్తే అంచు పదును తగ్గదు, మర బాగవదు, వచ్చేసారి ఎర్ర డబ్బాలోకి బెల్ట్ నిశ్శబ్దంగా వెళ్తుంది. సరైన పరికరం చేతికందే చోట ఉండి, పద్ధతి తెలిసి, కావాలని పక్కన పెట్టి ఉంటే వేరే మాట. ఇక్కడ అలా జరగలేదు.

ఈ రిపోర్ట్ మొదటి కాపీలో "కారణం: అజాగ్రత్త" అని నేనే రాశాను. తర్వాత కొట్టేశాను. ఆ మాటకి ఎదురుగా "తీసుకోవాల్సిన చర్య" గడిలో రాయడానికి నాకేమీ దొరకలేదు.

చేసినవి, చేయాల్సినవి

ఈ డైని ఎత్తడం మార్చి 13 నుంచే ఆపేశాం. డై మీద ఎర్ర ట్యాగ్ ఉంది. ఐ బోల్ట్ మరలు బాగుపడి, నేనూ మెయింటెనెన్స్ ఇంజినీరూ సంతకం చేశాకే అది తీస్తాం. మరల పని టూల్ రూమ్ మార్చి 19 లోపు పూర్తి చేయాలి. 4వ నంబర్ ప్రెస్ అప్పటిదాకా వేరే డైతో నడుస్తుంది. ప్లాన్ మారుతుందని ఉత్పత్తి మేనేజర్ ఒప్పుకున్నారు.

కింది ప్లేటు అంచులకి 5 మిల్లీమీటర్ల గుండ్రం చేసి, అది డ్రాయింగ్‌లో చేర్చాలి. ఇది డిజైన్ విభాగం బాధ్యత, మార్చి 26. ఇలాగే గ్రైండింగ్ అయిన మిగతా 9 డైలనూ టూల్ రూమ్ అప్పటిలోగా చూడాలి. ఓవర్‌హాల్ చెక్‌లిస్టులో "ఎత్తే అంచులు" అన్న గీత ఒకటి వస్తుంది. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదేనని నా నమ్మకం, ఎందుకంటే అంచు పదును లేకపోతే మిగతావన్నీ మరిచిపోయినా బెల్ట్ ఇలా కోసుకుపోదు.

కార్నర్ ప్రొటెక్టర్లు 8 సెట్లు స్టోర్ నుంచి తెచ్చి బెల్టుల ర్యాక్‌కే వేలాడదీశాం. ఇది అయిపోయింది. రెండో చైన్ సెట్టు కొనడానికి ఇండెంట్ మార్చి 14న వెళ్లింది. అది వచ్చేదాకా పక్క బే చైన్ తాళం షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ డెస్క్‌లో ఉంటుంది.

కోసుకుపోయిన బెల్ట్‌కి ఒక చీటీ: ఏ డై, ఏ అంచు, ఏ తేదీ. మూడే గీతలు. ఎర్ర డబ్బా పక్కనే పెన్నుతో సహా కట్టాం. పేరు రాసే గడి పెట్టలేదు. వారానికోసారి సేఫ్టీ కమిటీ చీటీలు తీస్తుంది.

పని ఆపే అధికారం గురించి: ఎత్తే పరికరం సరిగా లేకపోతే ఆపరేటరే ప్రెస్ ఆపొచ్చని, ఆ నిమిషాలు డై మార్పు సమయంలో లెక్కించబోమని ప్లాంట్ హెడ్ రాతపూర్వకంగా ఇచ్చారు. బోర్డు మీద అంటించాం. దీన్ని మొదట వాడుకున్నవాళ్లతో మనం ఎలా మాట్లాడతామో చూసి మిగతావాళ్లు నమ్ముతారు.

ట్రైనింగ్ చివర్లో పెట్టాను. బెల్ట్ కోణాలు, అంచులు, ప్రొటెక్టర్ వేసే తీరు మీద అరగంట, తెగిన బెల్ట్‌నే చేతికిచ్చి. చెప్పేది ఆపరేటరే, అడిగితే సరేనన్నాడు.

ఇంకా తేలనిది ఒకటి

డైని చేత్తో పట్టుకుని తిప్పడం మన దగ్గర మామూలైపోయింది. గైడ్ తాడు కట్టి దూరం నుంచి తిప్పాలని పద్ధతిలో ఉంది, కానీ ప్రెస్ బెడ్ దగ్గర స్తంభం అడ్డొచ్చి తాడుతో తిప్పలేమని ముగ్గురూ చెప్పారు. నేనూ ప్రయత్నించాను, నిజమే. పొడవైన పుష్ రాడ్‌తో కుదురుతుందేమో మార్చి 21 పగటి షిఫ్ట్‌లో ఖాళీ డైతో చూస్తాం. హెల్పర్ ఉంటాడు, ఎందుకంటే రోజూ అక్కడ నిలబడేది అతనే. ఏం తేలిందో ఈ రిపోర్ట్ కిందే జతచేస్తాను.