గురువారం ఇంటర్వ్యూ: అన్నీ అందాయి, థ్యాంక్స్ (రిప్లై అక్కర్లేదు)

సుజాత గారూ, నమస్తే.

షెడ్యూల్ మెయిల్, గేట్ పాస్ రెండూ అందాయి, క్యాలెండర్ ఇన్వైట్లు మూడూ యాక్సెప్ట్ చేశాను. మీరు చేయాల్సిందేమీ మిగల్లేదు, తీరిక దొరికినప్పుడు చదవండి చాలు.

ముందు థ్యాంక్స్ చెప్పాలి. శుక్రవారం అనుకున్న మేనేజర్ రౌండ్‌ని కూడా గురువారానికే తెచ్చేశారు. నేను వరంగల్ నుంచి వస్తున్నానని ఫోన్లో మాటవరసకి అన్నానంతే, మార్చమని అడగను కూడా లేదు, అయినా ముగ్గురి టైమూ చూసి కుదిర్చారు. దాంతో రాత్రి ఎక్కడ ఉండాలా అన్న ఆలోచన పోయింది, ఇప్పుడు చేస్తున్న ఆఫీసులో రెండో రోజు కూడా సెలవు అడిగి దానికో కారణం చెప్పుకునే టెన్షన్ అంతకన్నా ముందే పోయింది. ఏ రౌండ్‌లో ఎవరు మాట్లాడతారో, దేని మీద అడుగుతారో కూడా రాశారు. ఇంకో చోటికి వెళ్లినప్పుడు లోపల కూర్చునేదాకా ఎన్ని రౌండ్లో కూడా తెలియలేదు, అందుకే ఇది నాకు పెద్ద విషయంగానే కనిపించింది.

ఇక చిన్నచిన్నవి. మొదటి రౌండ్ 11:00కి కాబట్టి 10:30కల్లా రిసెప్షన్‌లో ఉంటాను. పొద్దున్నే ట్రైన్‌కి బయల్దేరి సికింద్రాబాద్‌లో దిగుతాను, అక్కడ్నుంచి రాయదుర్గం దాకా మెట్రో మారే పని లేదు కాబట్టి క్యాబ్ వద్దు. కోడింగ్ రౌండ్‌కి లాప్‌టాప్, చార్జర్ నావే తెస్తున్నాను, గేటు దగ్గర సీరియల్ నంబరు నేనే రాయిస్తాను. మధ్యాహ్నం గంటంపావు ఖాళీ ఉంది, భోజనం కింద ఫుడ్ కోర్టులో చేసేస్తాను, దాని ఏర్పాటుకి ఎవరికీ చెప్పక్కర్లేదు.

పేరు సంగతి ఒకటుంది. పాస్‌లో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంది, నా రెజ్యూమెలో అలాగే రాశాను కాబట్టి, ఆధార్‌లోనేమో ఇంటిపేరు మొత్తం ఉంది. మళ్లీ పాస్ చేయించే పని పెట్టుకోకండి. డిగ్రీ మెమోలో పాస్‌లో ఉన్నట్టే ఉంటుంది, ఒరిజినల్ ఆధార్‌తో పాటు అదీ తెస్తాను, సెక్యూరిటీ వాళ్లు అడిగితే రెండూ చూపిస్తాను.

టికెట్ల డబ్బుల ఫారం ఇంటర్వ్యూ అయ్యాకే నింపి, బిల్లులన్నీ కలిపి ఒకే పీడీఎఫ్‌గా పంపిస్తాను.

పైన రాసినవాటిలో ఏదైనా కుదరకపోతేనో, టైము మారితేనో వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టండి, ఫోన్లో మాట్లాడిన నంబరే, ట్రైన్లో సిగ్నల్ పోయినా మెసేజ్ తర్వాతైనా వస్తుంది. ఏమీ రాకపోతే అంతా ఇలాగే అనుకుని వచ్చేస్తాను.

ఉంటానండీ,
రమ్య