లోపలి టైరు

గుంటూరు నుంచి కోల్‌కతాకు మిర్చి లోడు. తుని దాటాక ధాబా దగ్గర లారీ ఆపి, సూరిబాబు అలవాటు ప్రకారం టార్చితో చక్రాలన్నీ చూసుకుంటూ వచ్చాడు. వెనక ఎడమవైపు జోడు చక్రాల దగ్గర ఆగిపోయాడు. లోపలి టైరు అరిగి నున్నబడింది. పక్కగోడ మీద నిమ్మకాయంత ఉబ్బు. లోపల దారాలు తెగితేనే అలా పొంగుతుంది.

ఓనరుకు ఫోన్ చేశాడు.

"విశాఖ దాకా లాగించు, పొద్దున చూద్దాం."

"అది పేలితే బరువంతా పక్కదాని మీద పడుతుందండీ. అదీ పోతుంది. నేను బండి తీయను."

అవతల నిట్టూర్పు. "సరే, నీ ఇష్టం."

క్లీనర్ రాజును లేపాడు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు. జాకీ ఎత్తకముందే నట్లు వదులు చేయాలి. పానాకు పైపు తగిలించి ఇద్దరూ తొక్కితే గానీ కదల్లేదు. బయటి చక్రం ఊడదీస్తే గానీ లోపలిది రాదు. స్టెప్నీ ఎక్కించేసరికి రెండు దాటింది.

"పాతది ఇక్కడే పడేద్దామా అన్నా?"

"వద్దు, పైకెక్కించు. కళ్లతో చూస్తే గానీ ఆయన కొత్త టైరుకు డబ్బులివ్వడు. అనకాపల్లిలో గుర్తుచెయ్యి, నట్లు మళ్లీ బిగించాలి."